మీన్ వాల్యూ థియరం: పిల్లలు పదే పదే అడిగే డౌట్లు

మా ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలు, వాళ్ల ఫ్రెండ్సు, ఇంజనీరింగ్‌లో చేరాక మళ్ళీ అదే చాప్టర్ దగ్గర ఆగిపోయిన వాళ్లు, వీళ్ళందరూ నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి ఒకచోట రాసి పెడుతున్నా. తెలుగు మీడియం పుస్తకంలో దీన్ని లగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం అంటారు, క్లాసులో మాత్రం అందరం మీన్ వాల్యూ థియరం అనే అంటాం కాబట్టి నేనూ అలాగే రాస్తా.

అసలు ఈ థియరం ఏం చెప్తుంది?

f అనే ఫంక్షన్ [a, b] మీద కంటిన్యుయస్‌గా ఉండాలి, అంటే రెండు చివర్లతో సహా ఎక్కడా తెగకూడదు. (a, b) లోపల ప్రతి పాయింట్ దగ్గరా డిఫరెన్షియబుల్ అయ్యుండాలి. ఈ రెండూ ఉంటే a కీ b కీ మధ్యలో, ఖచ్చితంగా లోపల, కనీసం ఒక c దొరుకుతుంది, అక్కడ

f'(c) = (f(b) − f(a)) / (b − a)

అవుతుంది. కుడివైపు ఉన్నది మొత్తం ప్రయాణం మీద సగటు రేటు, ఎడమవైపు ఉన్నది ఒక్క క్షణంలో ఉన్న రేటు. ఈ రెండూ ఎక్కడో ఒకచోట సమానం అవుతాయి, అంతే థియరం.

కారు లెక్కలో చూస్తే ఇంకా తేలిక. హైదరాబాద్ నించి విజయవాడ వెళ్తూ రెండు టోల్ గేట్లు దాటారు, ఆ రెంటి మధ్య 90 కిలోమీటర్లు ఉందని ఊరికే లెక్క కోసం అనుకుందాం, ఒకచోట స్లిప్ మీద 7:00 అని, రెండోచోట 7:45 అని ఉంది. సగటు గంటకి 120. స్పీడ్ లిమిట్ 100 అయితే మీరు దాన్ని దాటారని చెప్పడానికి మధ్యలో కెమెరా అక్కర్లేదు, ఆ రెండు స్లిప్పులు చాలు, ఎందుకంటే మధ్యలో ఏదో ఒక క్షణంలో స్పీడోమీటర్ ముల్లు సరిగ్గా 120 మీద ఉండి తీరాలి. ఏ క్షణమో మాత్రం స్లిప్పులు చెప్పవు, థియరం కూడా చెప్పదు.

సగటు కంటే ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ పోతాం కదా, మధ్యలో సమానం అవ్వక ఏమవుతుంది, దీనికి ప్రూఫ్ ఎందుకు?

ఇది మంచి డౌట్, చాలా మంది అడగరు. ఇందులో రెండు కన్నాలున్నాయి. మొదటిది, స్పీడ్ ఎప్పుడూ 120 కంటే తక్కువే ఉంటే 45 నిమిషాల్లో 90 కిలోమీటర్లు పోలేం అని మనం ఎలా అంటున్నాం? అది అనుభవంలో తెలిసిన మాటే, కానీ లెక్కలో దాన్ని చూపించాలంటే మామూలుగా వాడేది ఈ థియరాన్నే, కాబట్టి దాన్నే ఇక్కడ వాడితే తిరిగి తిరిగి మొదటికే వస్తాం. రెండోది, డెరివేటివ్ ఒక విలువ నించి ఇంకో విలువకి మధ్యవి వదలకుండా పోతుందని అనుకున్నాం, కానీ డెరివేటివ్ కంటిన్యుయస్‌గా ఉండాలని రూలేం లేదు. x² sin(1/x) తీసుకుని 0 దగ్గర విలువ 0 అని పెడితే డెరివేటివ్ అన్నిచోట్లా ఉంటుంది, కానీ 0 దగ్గరికొచ్చేసరికి పిచ్చెక్కినట్టు −1 కీ 1 కీ మధ్య ఊగుతూనే ఉంటుంది. అందుకే వేరే దారి కావాలి, ఆ దారే కింద చెప్పేది.

బొమ్మలో దీని అర్థం ఏంటి?

కర్వ్ గీయండి. రెండు చివరల్ని కలుపుతూ ఒక తిన్నటి గీత గీయండి, దాన్ని జ్యా అంటాం. దాని వాలు (f(b) − f(a)) / (b − a). f'(c) అంటే c దగ్గర స్పర్శరేఖ వాలు. కాబట్టి థియరం చెప్పేదల్లా, కర్వ్ మీద ఎక్కడో ఒకచోట స్పర్శరేఖ ఆ జ్యాకి సమాంతరంగా ఉంటుందని.

ఇంతవరకు అందరికీ వస్తుంది, ఎగ్జామ్‌లో కూడా ఇదే రాస్తారు. కానీ ఆ చోటు ఎక్కడ అని అడిగితే సగం మంది ఆగిపోతారు. స్కేలు తీసుకుని జ్యా మీద పెట్టండి, దాన్ని తిప్పకుండా అలాగే మెల్లగా పైకి జరపండి. స్కేలు కర్వ్‌ని కోస్తూ కోస్తూ పోయి చిట్టచివరికి కర్వ్‌ని వదిలిపెట్టేసే ముందు ఒకచోట తాకి ఆగుతుంది చూడండి, అదే c. జ్యాకీ కర్వ్‌కీ మధ్య నిలువు దూరం అన్నిటికంటే ఎక్కువ ఉన్న చోటు అన్నమాట. కర్వ్ జ్యా కిందే వేలాడుతుంటే స్కేలుని కిందకి జరపాలి, తేడా అంతే. ఈ ఒక్క మాట పట్టుకుంటే ప్రూఫ్ బట్టీ పట్టక్కర్లేదు.

ఒక లెక్క మీద చూపించరా?

f(x) = x³ − x, ఇంటర్వెల్ [0, 2]. f(0) = 0, f(2) = 8 − 2 = 6, కాబట్టి సగటు వాలు 6/2 = 3, జ్యా సమీకరణం y = 3x.

మామూలుగా క్లాసులో చేసేది: f'(x) = 3x² − 1, దీన్ని 3 కి సమానం చేస్తే 3c² = 4, c = 2/√3, అంటే సుమారు 1.155. −2/√3 కూడా వస్తుంది కానీ అది ఇంటర్వెల్ బయట ఉంది కాబట్టి తీసేస్తాం. మార్కులు వచ్చేస్తాయి.

ఇప్పుడు స్కేలు పద్ధతిలో చేద్దాం. కర్వ్‌లోంచి జ్యాని తీసేయండి:

g(x) = (x³ − x) − 3x = x³ − 4x

ఇది నిలువు తేడా. g(0) = 0, g(2) = 8 − 8 = 0, రెండు చివర్లా తేడా సున్నా, అవ్వాలి కూడా, ఎందుకంటే జ్యా అక్కడ కర్వ్‌ని తాకుతోంది. మధ్యలో చూస్తే g(1) = −3, g(1.5) = 3.375 − 6 = −2.625, అంటే కర్వ్ జ్యా కింద ఉంది. అన్నిటికంటే కిందకి ఎక్కడ దిగుతుందో వెతికితే x = 2/√3 దగ్గర, లోతు సుమారు 3.08. క్లాసు పద్ధతిలో వచ్చిన c నే మళ్ళీ వచ్చింది, కానీ ఇప్పుడు అది ఎందుకొచ్చిందో కూడా కళ్ళకి కనపడుతోంది.

తేడా ఎక్కువ ఉన్నచోట వాలు సమానం అవ్వాలని ఏంటి గ్యారంటీ?

ముందు మాటల్లో చెప్తా. మీరూ మీ ఫ్రెండూ రెండు బైకుల మీద ఒకేసారి బయల్దేరి ఒకేసారి చేరారు. ఫ్రెండు మొత్తం దారి ఒకే స్పీడ్‌లో పోయాడు, మీరు మీ ఇష్టం వచ్చినట్టు పోయారు. మీరు వాడికంటే బాగా ముందున్న క్షణం ఒకటుంటుంది. ఆ క్షణంలో మీ స్పీడ్ వాడికంటే ఎక్కువైతే తేడా ఇంకా పెరుగుతుంది, అప్పుడు అది ఎక్కువ తేడా ఎలా అవుతుంది? తక్కువైతే ఒక్క క్షణం ముందే తేడా ఇంకా ఎక్కువ ఉండుండాలి. రెండూ కుదరవు కాబట్టి స్పీడులు సమానమే.

ఇదే లెక్కలో రాస్తే: g కి లోపల c దగ్గర మాగ్జిమం ఉందనుకోండి. చిన్న h తీసుకుంటే g(c + h) − g(c) ఎప్పుడూ సున్నా గానీ మైనస్ గానీ. h ప్లస్ అయితే (g(c + h) − g(c)) / h సున్నా లేదా మైనస్, కాబట్టి కుడివైపు నించి వచ్చే లిమిట్ ≤ 0. h మైనస్ అయితే మైనస్‌ని మైనస్‌తో భాగిస్తాం, ఎడమవైపు లిమిట్ ≥ 0. డెరివేటివ్ ఉందని ముందే చెప్పారు కాబట్టి రెండు లిమిట్లూ ఒకటే అవ్వాలి, రెండు షరతులకీ సరిపోయేది సున్నా ఒక్కటే. g'(c) = 0. మినిమం అయితే గుర్తులు తిరగబడతాయి, జవాబు అదే.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. c కి రెండు వైపులా చోటు ఉండాలి, అంటే చివర్లో ఉండకూడదు. డెరివేటివ్ ఉండాలి. థియరంలో ఓపెన్ ఇంటర్వెల్ గొడవంతా ఈ లైన్ దగ్గర నించే వచ్చింది.

మొత్తం ప్రూఫ్ ఒక్కసారి వరసగా చెప్పండి

జ్యా వాలుని m అందాం. తేడా ఫంక్షన్ ఇది:

g(x) = f(x) − f(a) − m(x − a)

x = a పెడితే సున్నా. x = b పెడితే f(b) − f(a) − m(b − a), m అంటే ఏంటో గుర్తుచేసుకుంటే అదీ సున్నా. f కంటిన్యుయస్, తిన్నటి గీత కంటిన్యుయస్, కాబట్టి g కూడా [a, b] మీద కంటిన్యుయస్, లోపల డిఫరెన్షియబుల్ కూడా.

ఇప్పుడు అసలు మెట్టు. క్లోజ్డ్ ఇంటర్వెల్ మీద కంటిన్యుయస్ ఫంక్షన్‌కి మాగ్జిమం, మినిమం రెండూ ఉండి తీరతాయి, వాటిని ఏదో ఒక పాయింట్ దగ్గర నిజంగా అందుకుంటుంది. దీన్నే ఎక్స్‌ట్రీమ్ వాల్యూ థియరం అంటారు. g ఎక్కడైనా ప్లస్ అయితే దాని మాగ్జిమం ప్లస్, చివర్లలో సున్నా కాబట్టి ఆ మాగ్జిమం చివర్లో రాదు, లోపలే వస్తుంది. ఎక్కడైనా మైనస్ అయితే మినిమం లోపల వస్తుంది. రెండూ కాకపోతే g మొత్తం సున్నాయే, అప్పుడు కర్వే తిన్నటి గీత, ఏ పాయింట్ అయినా c గా పనికొస్తుంది. ఏ రకంగా చూసినా లోపల ఒక c దగ్గర g'(c) = 0, కానీ g'(x) = f'(x) − m, కాబట్టి f'(c) = m. అయిపోయింది.

మూడో కేసు, అంటే g మొత్తం సున్నా అయ్యేది, రాయడం మర్చిపోతే పేపర్ దిద్దేవాళ్ళు మార్కు కోస్తారు, కొయ్యాలి కూడా.

మరి రోల్ థియరం ఎక్కడ పోయింది?

ఎక్కడికీ పోలేదు, పై ప్రూఫ్‌లో g మీద చేసిందంతా రోల్ థియరమే. రెండు చివర్లా ఎత్తు సమానం అయితే మధ్యలో ఎక్కడో స్పర్శరేఖ అడ్డంగా పడుకుని ఉంటుంది, అంతే అది చెప్పేది. మీన్ వాల్యూ థియరం అంటే బొమ్మ ఉన్న కాగితాన్ని కొంచెం వంచి చూసిన రోల్ థియరం, జ్యాని తీసేయడం అంటే ఆ వంపుని సరిచేయడం. రోల్ దీన్ని 1691లో పాలినామియల్స్‌కి మాత్రమే చూపించాడు, పైగా అప్పట్లో కొత్తగా వచ్చిన కాల్కులస్ మీద ఆయనకి నమ్మకం తక్కువ, గట్టిగా విమర్శించాడు కూడా. ఆయన పేరే ఇప్పుడు కాల్కులస్ పుస్తకంలో మొదటి థియరాల్లో ఒకటయ్యి కూర్చుంది. తేడా ఫంక్షన్ తీసుకుని చేసే ఈ ప్రూఫ్ 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో బోనె అనే ఆయనది.

మాగ్జిమం ఉంటుందని చెప్పడం కూడా ఒక థియరమేనా, చూస్తేనే తెలుస్తోంది కదా?

చూస్తే తెలుస్తోంది అనిపించేదే మోసం. (0, 1) ఓపెన్ ఇంటర్వెల్ మీద f(x) = x తీసుకోండి, మాగ్జిమం ఎంత? 0.9 అంటే 0.99 ఉంది, 0.99 అంటే 0.999 ఉంది, 1 కి ఎంత దగ్గరికైనా పోతుంది కానీ 1 ని అందుకోదు. మాగ్జిమమే లేదు. చివర్లు కలిపితేనే పని జరుగుతుంది.

ఇంకో ఉదాహరణ నాకు బాగా ఇష్టం. ప్రపంచంలో భిన్నాలు మాత్రమే ఉన్నాయనుకోండి, √2, √3 లాంటివి లేవు. అప్పుడు పైన చేసిన x³ − 4x కి 0 కీ 2 కీ మధ్య అన్నిటికంటే లోతైన చోటు ఏది? 2/√3, అది భిన్నం కాదు, కాబట్టి ఆ ప్రపంచంలో లేదు. లోతైన చోటుకి ఎంత దగ్గరికైనా పోవచ్చు, చేరడం కుదరదు, థియరం ఫెయిల్. మరి కర్వ్ మాత్రం భిన్నాల లెక్కలో ఎక్కడా తెగలేదు! అంటే మీన్ వాల్యూ థియరం నడిచేది నంబర్ లైన్‌లో సందులు లేకపోవడం మీద. మిగతా మెట్లన్నీ నాలుగు లైన్ల ఆల్జీబ్రా, బరువంతా ఇక్కడే ఉంది. ఇంటర్‌లో ఈ ఒక్క మెట్టుని నమ్మేసి ముందుకి పోతాం, డిగ్రీలో రియల్ అనాలిసిస్ పేపర్‌లో దీన్ని ప్రూవ్ చేస్తారు.

కంటిన్యుటీకి బ్రాకెట్ ఒకటి, డిఫరెన్షియబిలిటీకి ఇంకోటి ఎందుకు? రెండూ క్లోజ్డ్ పెడితే పోలా?

పెడితే థియరం తప్పవ్వదు, కానీ పనికొచ్చే ఫంక్షన్లు కొన్ని చేజారతాయి. √x ని [0, 4] మీద చూడండి. 0 దగ్గర కర్వ్ నిట్టనిలువుగా లేస్తుంది, డెరివేటివ్ లేదు. అయినా సగటు వాలు 2/4 = 1/2, 1/(2√c) = 1/2 అంటే c = 1, చక్కగా దొరికింది. చివర్లో డెరివేటివ్‌తో ప్రూఫ్‌కి పనే లేదు.

కంటిన్యుటీ మాత్రం చివర్లలో కావాలి. x = 1 దాకా f(x) = x, సరిగ్గా 1 దగ్గర మాత్రం f(1) = 0 అని పెట్టండి. [0, 1] మీద సగటు వాలు సున్నా, లోపలంతా డెరివేటివ్ 1. c లేదు. ఒక్క పాయింట్ దూకితే చాలు, మొత్తం పోయింది.

లోపల ఒక్క మూల ఉన్నా పోతుంది, [−1, 1] మీద |x| లాగ. సగటు వాలు సున్నా, డెరివేటివ్ మాత్రం −1 లేదా 1. జ్యాకి ఎక్కువ దూరంలో ఉన్న పాయింట్ 0 దగ్గర ఉంది, కానీ అక్కడ స్పర్శరేఖే లేదు.

c ఎప్పుడూ మధ్యలోనే వస్తుందా?

పుస్తకంలో లెక్కలు ఎక్కువగా x² − 1 లాంటివి ఇస్తారు, [2, 3] అంటే c = 5/2, అందుకే ఈ భ్రమ పుడుతుంది. రెండో డిగ్రీ పాలినామియల్‌కి ఎప్పుడూ సరిగ్గా మధ్యలోనే వస్తుంది, మీరే ax² + bx + c' తీసుకుని చేసి చూడండి, రెండు లైన్లు. మిగతా వాటికి అలాంటి హామీ లేదు, మన x³ − x కి 1 బదులు 1.155 వచ్చింది. ఒకటి కంటే ఎక్కువ కూడా రావచ్చు: x³ ని [−1, 1] మీద తీసుకుంటే 3c² = 1, రెండు c లు, −1/√3, 1/√3, రెండూ లోపలే. ఒకటి కర్వ్ జ్యా కంటే బాగా పైకి పోయిన చోటు, రెండోది బాగా కిందకి దిగిన చోటు.

ఉల్టా కూడా నిజమేనా, అంటే ప్రతి స్పర్శరేఖకీ సమాంతరంగా ఒక జ్యా ఉంటుందా?

లేదు. అదే x³ కి 0 దగ్గర స్పర్శరేఖ అడ్డంగా ఉంటుంది, కానీ కర్వ్ ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి వాలు సున్నా ఉన్న జ్యా ఒక్కటి కూడా దొరకదు.

రోడ్డు వంకర తిరిగితే ఏమవుతుంది?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ మీద ఒక చుట్టు కొట్టారు, 158 కిలోమీటర్లు, బయల్దేరిన చోటికే వచ్చారు, ఎక్కడా ఆగలేదు. బయల్దేరిన చోటికీ చేరిన చోటికీ తేడా సున్నా, కాబట్టి దిశతో కలిపి చూస్తే సగటు వేగం సున్నా. మరి మధ్యలో ఏ క్షణమైనా మీ వేగం సున్నా అయ్యిందా? లేదు. రెండు కొలతల్లో పోయే ప్రయాణానికి ఈ థియరం పనిచేయదు. తూర్పు–పడమర లెక్కకి ఒక c, ఉత్తరం–దక్షిణం లెక్కకి ఇంకో c ఉంటాయి, రెండూ ఒకే క్షణం అవ్వాలని లేదు. మొదటి ప్రశ్నలో నేను టోల్ గేట్ల మధ్య రోడ్డు మీద నడిచిన దూరాన్ని లెక్కపెట్టా, అది ఒక్క నంబరు, అందుకే అక్కడ గొడవ లేదు.

c ఎక్కడుందో చెప్పనప్పుడు దీంతో ఏం చేసుకుంటాం?

c తెలియకపోయినా అది ఏ రెండింటి మధ్య ఉందో తెలుసు, చాలాసార్లు అదే చాలు. √101 ఎంతో కాల్కులేటర్ లేకుండా చెప్పాలి. f(x) = √x, [100, 101] మీద థియరం పెడితే √101 − 10 = 1/(2√c). c వంద కంటే ఎక్కువ కాబట్టి ఇది 1/20 కంటే తక్కువ, అంటే √101 < 10.05. ఇప్పుడు దీన్నే వెనక్కి వాడండి, √c కూడా 10.05 కంటే తక్కువే, కాబట్టి తేడా 1/20.1 కంటే ఎక్కువ, అంటే 0.04975 పైమాటే. √101 అనేది 10.04975 కీ 10.05 కీ మధ్య ఇరుక్కుపోయింది. అసలు విలువ 10.04987…

రెండో వాడకం ఇంకా పెద్దది. డెరివేటివ్ అంతటా సున్నా అయితే ఫంక్షన్ మారదు అని ఇంటిగ్రేషన్‌లో + C రాసేటప్పుడల్లా నమ్ముతాం. ఆ నమ్మకం ఇక్కడి నించే: ఏ రెండు పాయింట్లు తీసుకున్నా f(q) − f(p) = f'(c)(q − p) = 0. కానీ ఇది తెగని ఇంటర్వెల్ మీదే. (0, 1) మీద 0 అనీ (2, 3) మీద 1 అనీ ఉన్న ఫంక్షన్‌కి డెరివేటివ్ అంతటా సున్నాయే, అయినా రెండు విలువలున్నాయి, ఎందుకంటే మధ్యలో సందు మీదుగా జ్యా గీసి థియరం పెట్టడం కుదరదు. 1/x ని ఇంటిగ్రేట్ చేసి log|x| + C రాసినప్పుడు కూడా ఇదే తంటా, సున్నాకి అటుపక్క C వేరు, ఇటుపక్క C వేరు అవ్వచ్చు.

వెరిఫై చేయండి అని అడిగితే ఎక్కడ మార్కులు పోతాయి?

కండిషన్లు చెక్ చేయకుండా నేరుగా f'(c) కి దూకడం దగ్గర. [−1, 1] మీద 1/x ఇస్తే సగటు వాలు 1 అని వేసి −1/c² = 1 దాకా పోయి, c కి విలువ రాక లెక్క తప్పు చేశామేమో అని మళ్ళీ మొదటి నించి చేసేవాళ్ళని చూశా. లెక్క కరెక్టే, ఫంక్షన్ 0 దగ్గర లేనే లేదు, థియరం అసలు వర్తించదు. ముందు ఒక లైన్‌లో ఎక్కడ కంటిన్యుయస్, ఎక్కడ డిఫరెన్షియబుల్ రాయండి, తర్వాత వాలు, తర్వాత c, చివర్లో ఆ c ఓపెన్ ఇంటర్వెల్‌లో ఉందని రాయండి. ఆ ఆఖరి లైన్ వదిలేసి −2/√3 ని కూడా జవాబుగా ఉంచేసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు తగుల్తారు.